నీళ్లు పోస్తే తగ్గింది... వారానికే పెరిగింది!
ట్రాన్స్‌ఫార్మరు ఎర్తింగులో అసలు లోపమెక్కడ?

గ్రామ శివారున ఉన్న ఒక ట్రాన్స్‌ఫార్మరు వేసవి తనిఖీలో ఎర్తింగు పరీక్షకు నిలవలేదు. 5 ఓములకు మించరాదన్న నిరోధం 14 ఓములుగా తేలింది. దాంతో తనిఖీ సిబ్బంది నాన్‌కన్‌ఫార్మెన్స్ రిపోర్టు, అనగా నిబంధనకు సరిపడని లోపంపై నివేదిక, నమోదు చేశారు.

ఈ తేడా చిన్నది కాదు. లోపల ఇన్సులేషను చెడి 20 ఆంపియర్ల కరెంటు ఇనుప ట్యాంకు మీదుగా భూమిలోకి పోతుందనుకుందాం. నిరోధం 5 ఓములైతే ట్యాంకుపై 100 వోల్టులు నిలుస్తాయి. 14 ఓములైతే 280 వోల్టులు. 100 వోల్టులూ ప్రమాదమే. అయితే 280 వోల్టుల వద్ద ట్యాంకును తాకిన మనిషి గాని, పక్కనే మేసే పశువు గాని బతికి బయటపడడం కష్టం.

కారణాల కోసం సరఫరా ఆపి, ఎర్తు తీగలు విడదీసి, రెండు పైపులను విడివిడిగా పరీక్షించారు. మొదటి పైపు క్లాంపు తుప్పు పట్టి తీగకు అంటుకోనేలేదు. అంటే రెండు పైపులున్నా పనిచేస్తున్నది ఒక్కటే. క్లాంపు శుభ్రపరిచి బిగించగా మొత్తం నిరోధం 9 ఓములకు దిగింది. అయినా చాలలేదు.

పిమ్మట గుంతల్లో నీళ్లు పోశారు. రీడింగు 6కు తగ్గింది, వారం తిరిగేసరికి మళ్లీ 9కి చేరింది. దీనితో రెండవ కారణం బయటపడింది. నేల ఎండిన మొరం. గుంతల్లో వేసిన ఉప్పు వానలకు కరిగి కొట్టుకుపోయింది, పోతూ పైపునూ తినేసింది. మూడవ లోపం పైపుల మధ్య దూరం ఒక్క మీటరే కావడం. దగ్గరగా పాతిన పైపులు ఒకే మట్టిని పంచుకుంటాయి గనుక రెండవ దానివల్ల పూర్తి లాభం దక్కదు.

సవరణ ప్రణాళిక ప్రకారం 3 మీటర్ల పైపులు మరో రెండు, 6 మీటర్ల ఎడంలో, అడుగున తేమ తగిలేవరకు దించుతారు. చుట్టూ ఉప్పుకు బదులు నీటిని పట్టి ఉంచే బెంటొనైట్ బంకమట్టి నింపుతారు. అన్నింటినీ జి.ఐ. పట్టీతో కలుపుతారు. అప్పుడు నిరోధం 4 ఓముల లోపునకు రావాలని అంచనా.

అయితే పని పూర్తయిన మరునాటి రీడింగుతో నివేదికను మూసివేయడం తగదు. అప్పటికి గుంత తడిగానే ఉంటుంది. వచ్చే ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు పోయకుండా కొలిచి, తేదీతో సహా నమోదు చేస్తేనే లోపం తీరినట్లు.

ఎర్తు తీగ తెగినా, క్లాంపు వదులైనా, స్తంభం వద్ద జివ్వుమన్నా గ్రామస్థులు దగ్గరకు పోరాదు. పశువులను మళ్లించి 1912కు ఫోను చేయాలి.