యూనిట్లు సర్దుకుంటాయి, డబ్బు సర్దుకోదు

కరెంటు బిల్లు ఉన్నట్టుండి నాలుగైదు రెట్లు వచ్చిందని సెక్షన్ ఆఫీసుకు వెళ్లినవారికి తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. ‘‘రీడింగ్ ఎక్కువ పడినట్టుందండీ. వచ్చే నెల అదే తగ్గిపోతుంది, ఇప్పటికి కట్టేయండి.’’ వినడానికి సబబుగానే ఉంటుంది. మీటరు వెనక్కి తిరగదు కాబట్టి ఈ నెల ఎక్కువ రాసిన యూనిట్లు వచ్చే నెల తక్కువ పడాల్సిందే కదా అని చాలామంది కట్టేసి ఇంటికి వెళ్తారు. లెక్క వేసి చూస్తే ఆ జవాబు తప్పు.

హైదరాబాద్‌లో నెలకు 165 యూనిట్లు వాడే ఒక ఇంటిని ఊహించుకుందాం. గత రీడింగ్ 6412, ఈ నెల మీటరు మీద ఉన్నది 6577. స్పాట్ బిల్లింగ్‌కు వచ్చిన మనిషి మసక అద్దంలోంచి 5ను 8గా చూసి 6877 కొట్టాడు. 165 యూనిట్లు కాస్తా 465 అయ్యాయి. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన శ్లాబుల ప్రకారం 165 యూనిట్లకు ఎనర్జీ చార్జి 652 రూపాయలు. అదే 465 యూనిట్లకు 3,307 రూపాయల 50 పైసలు. యూనిట్లు మూడు రెట్లు కూడా కాలేదు, డబ్బు మాత్రం ఐదు రెట్లు దాటింది. 200 యూనిట్లు దాటగానే మొదటి యూనిట్ నుంచే ధర 5 రూపాయల 10 పైసలకు మారుతుంది, ఆపైన 7.70, 9, 9.50 అంటూ మెట్లు ఎక్కుతుంది.

ఇప్పుడు ‘సర్దుబాటు’ సంగతి చూద్దాం. రెండో నెల అసలు రీడింగ్ 6742. అది రాసిపెట్టిన 6877 కన్నా తక్కువ కాబట్టి వాడకం సున్నా అనుకుందాం. మూడో నెల 6907, అంటే 30 యూనిట్లు, 58 రూపాయల 50 పైసలు. మూడు నెలలకు కట్టింది 3,366. సరిగ్గా రీడింగ్ తీసి ఉంటే కట్టాల్సింది 1,956. ఫిక్స్‌డ్ చార్జీలు, కస్టమర్ చార్జీలు, సుంకం పక్కన పెట్టినా 1,410 రూపాయలు పోయినట్టే. యూనిట్లు మాత్రం ఒక్కటి కూడా తేడా లేకుండా 495 దగ్గర సరిపోయాయి! ఆంధ్రప్రదేశ్‌లో ఏ శ్లాబు యూనిట్లకు ఆ శ్లాబు ధరే పడుతుంది కాబట్టి దెబ్బ కొంచెం తక్కువ. అయినా 2022లో అక్కడ వచ్చిన ధరలతో ఇదే లెక్క వేస్తే దాదాపు 1,270 రూపాయల నష్టం తేలుతుంది.

గృహజ్యోతి లబ్ధిదారుడికైతే ఇది ఇంకా అన్యాయం. 200 యూనిట్ల లోపు జీరో బిల్లు రావాల్సిన ఇంటికి, ఒక అంకె తప్పు పడ్డందుకు మొత్తం బిల్లు పడుతుంది. తర్వాతి నెలల్లో సున్నా వచ్చినా ఒరిగేదేమీ లేదు. అది ఎలాగూ సున్నానే.

అందువల్ల అడగాల్సింది సర్దుబాటు కాదు, బిల్లు సవరణ. తప్పు పడిన నెలను అసలు రీడింగ్‌తో, ఆ నెల శ్లాబులోనే మళ్లీ లెక్కకట్టాలి. ఏఈ మీటరు చూసి రాసిచ్చిన దాని మీద ఈఆర్వో ఆ సవరణ చేస్తుంది. వినియోగదారుడు రాసే దరఖాస్తు ఒక పేజీ దాటనక్కర్లేదు. సర్వీసు నంబరు, బిల్లు తేదీ, బిల్లులో వేసిన రీడింగ్, ఈ రోజు మీటరు మీద ఉన్న రీడింగ్, దాని ఫొటో, గత ఆరు నెలల యూనిట్లు ఉంటే చాలు. ఫొటోలో అంకెలతోపాటు మీటరు నంబరు కూడా కనిపించాలి. డిస్‌ప్లే మీద తేదీ, వోల్టేజీ, గరిష్ఠ డిమాండ్ కూడా ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి. కేడబ్ల్యూహెచ్ అని కనబడ్డప్పుడే ఫొటో తీయాలి. ఇవాళ్టి అంకె బిల్లులో ఉన్న అంకె కన్నా తక్కువ ఉంటే ఇక వాదన అక్కర్లేదు.

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. రీడింగ్ తప్పును మీటరు తప్పుగా భావించి ‘మీటరు టెస్ట్ చేయండి’ అని రాసిస్తారు. ఫైలు మీటర్ల పరీక్ష విభాగానికి వెళ్తుంది, మీటరు బాగానే ఉందని తిరిగొస్తుంది, బిల్లు అలాగే నిలుస్తుంది. బిల్లులోని అంకె, మీటరు మీది అంకె కలిసి, వాడకం మాత్రం నమ్మేలా లేనప్పుడే టెస్ట్ అడగాలి. దానికి ముందు ఇంట్లోనే ఒక పని చేయవచ్చు. మెయిన్ ఆపేస్తే మీటరు మీద మినుకుమనే ఎర్ర లైటు ఆగాలి. ఆగకపోతే మీటరులో లోపమైనా ఉండాలి, మీటరుకూ మెయిన్‌కూ మధ్య ఎవరైనా వైరు తగిలించి అయినా ఉండాలి. ఆ లైటు ఆగితే, వేయి వాట్ల హీటర్ రాడ్ ఒక్కటే గంటసేపు నీళ్లలో ఉంచి చూడాలి. ఒక యూనిట్ దగ్గర తిరగాలి. వోల్టేజీ తక్కువుంటే ఇంకాస్త తక్కువే తిరగాలి. ఒకటిన్నర తిరిగితే మీటరును అనుమానించవచ్చు.

అపార్టుమెంట్లలో మరో చిక్కు ఉంది. ఇప్పటి మీటర్లు దొంగతనం పట్టుకోవడానికి ఫేజ్, న్యూట్రల్ రెండింటిలోని కరెంటునూ కొలిచి ఏది ఎక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. వైరింగులో పక్క ఫ్లాటు న్యూట్రల్ మన దానితో కలిసిపోతే వాళ్ల వాడకం కూడా మన మీటరులో పడవచ్చు. ఇది ల్యాబ్ పరీక్షలో దొరకదు, మీటరు నిక్కచ్చిగానే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్ విడదీయించుకోవాల్సిందే.

వివాదం తేలేదాకా కరెంటు తీసేస్తారన్న భయంతోనే జనం మొత్తం కట్టేస్తుంటారు. విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ ఆ భయాన్ని తీర్చడానికే ఉంది. సరఫరా ఆపాలంటే 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. వినియోగదారుడు అభ్యంతరం తెలుపుతూ, అడిగిన మొత్తాన్నిగానీ గత ఆరు నెలల సగటు చార్జీనిగానీ, ఏది తక్కువైతే అది కడితే వివాదం తేలేవరకు కనెక్షన్ తీయకూడదు. పై ఉదాహరణలోని ఇల్లు కట్టాల్సింది 3,307 కాదు, 650 చిల్లర. ఈ మాట ఎన్ని కౌంటర్లలో చెబుతున్నారు? ‘పార్ట్ పేమెంట్ తీసుకోం’ అని తిప్పి పంపితే సెక్షన్ పేరు రాసి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. అప్పటికీ కదలకపోతే డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు.

మీటరు మీద అనుమానం రాసిస్తే 30 రోజుల్లో పరీక్షించాలని కేంద్రం 2020లో తెచ్చిన వినియోగదారుల హక్కుల నియమాలు చెబుతున్నాయి. 2024 సవరణ ఇంకో అడుగు ముందుకు వేసింది. రీడింగ్‌పై ఫిర్యాదు అందిన ఐదు రోజుల్లో అదనపు మీటరు బిగించి, కనీసం మూడు నెలలు వాడకాన్ని సరిచూడాలంది. నియమం మంచిదే. అయితే దాన్ని అడిగే వినియోగదారుడికే అది దొరుకుతుంది.

రీడర్లను తిట్టి ప్రయోజనం లేదు. ఎక్కువ చోట్ల ఈ పని కాంట్రాక్టు మీద నడుస్తోంది, ఎన్ని సర్వీసులు తిరిగితే అంత కూలి. తప్పు ఎక్కడైనా పడుతుంది. కానీ గత ఆరు నెలల వాడకం డిస్కం కంప్యూటర్‌లోనే ఉన్నప్పుడు, 165 వాడే ఇంటికి 465 పడితే రెండోసారి చూడకుండా బిల్లు ఎలా ముద్రిస్తున్నారు? రెండింతలు దాటిన ప్రతి రీడింగ్‌కూ మీటరు ఫొటో తప్పనిసరి చేసి, తప్పు తేలితే దరఖాస్తు లేకుండానే ఆ నెల శ్లాబులో సవరించాలని రెండు రాష్ట్రాల నియంత్రణ మండళ్లు ఆదేశించాలి. చార్జీల పిటిషన్ల మీద మండళ్లు ఏటా బహిరంగ విచారణ జరుపుతాయి, అక్కడ ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. వినియోగదారుల సంఘాలు ఈసారి ఈ కోరికను రాతలో పెట్టాలి.