సిమెంటు చివర దించండి
కట్టుబడి – వారం వారం
మీ సైట్ ఇంజినీరు, డిచ్‌పల్లి

మా మండలంలో ఇప్పుడు ఏ ఊరికి పోయినా ఇందిరమ్మ ఇల్లు ఒకటైనా లేస్తూ కనిపిస్తుంది. 400 నుంచి 600 చదరపు అడుగుల ఇల్లు, 5 లక్షల సాయం, నాలుగు విడతలు. పునాది, గోడలు, స్లాబు, చివరి పనులు. ఏ దశకు ఆ దశ పూర్తయ్యాకే దాని డబ్బు పడుతుంది. అంటే స్లాబుకు కావలసిన సామాను ముందు ఇంటివాళ్లే అప్పోసప్పో చేసి తెచ్చుకోవాలి. ఖాతా మీద ఇచ్చే షాపతను ఎప్పుడు లోడు వస్తే అప్పుడే దింపుకోమంటాడు. ఇంట్లోవాళ్లకూ సామాను కళ్ల ముందుంటే ధైర్యం. అలా సిమెంటు, సలాకలు, ఉసికె, ఇటుకలు అన్నీ ఒకే వారంలో ప్లాటులోకి వచ్చిపడతాయి. ఆ తర్వాత పని ఆగుతుంది. వరి నాట్లకు కూలీలు పోతారు, సెంట్రింగ్ చెక్కలు వేరే ఇంటి దగ్గర ఇరుక్కుంటాయి, బిల్లు ఆలస్యమవుతుంది, లేదా వాన పట్టుకుంటుంది. సామాను దెబ్బతినేది ఈ ఆగిన రోజుల్లోనే.

గత వానకాలంలో చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను. ఇల్లు ఒక అక్క పేరు మీద మంజూరైంది, విస్తీర్ణం సుమారు 450 చదరపు అడుగులు. అయిదంగుళాల స్లాబుకు కాంక్రీటు దాదాపు 190 ఘనపుటడుగులు పడుతుంది. ఒకటికి ఒకటిన్నర ఉసికె, మూడు కంకర పాళ్లలో దానికి 43 బస్తాలు, దూలాలతో కలిపి 50 అనుకోవచ్చు. ఆ 50 బస్తాలూ జూన్ మొదట్లోనే దింపించారు. గోడలు లేచిన గదిలో, నింపిన మొరం మీద ప్లాస్టిక్ కవరు పరిచి పేర్చి, పైన టార్పాలిన్ కప్పి చుట్టూ రాళ్లు పెట్టారు. గోడలున్నాయి కదా, గదే కదా అనుకున్నారు. కానీ పైకప్పు లేని గది నీళ్లతొట్టి లాంటిదే. నాలుగు వైపులా గోడలు ఉండటం వల్ల పడిన వాన బయటికి పోక మొరంలోనే ఇంకింది. కింద ఆవిరి, పైన టార్పాలిన్‌కు లోపలివైపు పట్టిన చెమ్మ. స్లాబు సెప్టెంబరు మధ్యకు గాని కుదరలేదు.

ఆ రోజు బస్తాలు లేపితే అడుగు వరుస రాయి అయింది. దాని మీది రెండు వరుసల్లో నిమ్మకాయంత గడ్డలు. పై వరుసలు చూపుకు బాగానే ఉన్నాయి. మేస్త్రి మంచివాడు, పని తెలిసినవాడు. అయినా "గడ్డలు జల్లెడ పడదాం అక్కా, జర సిమెంటు ఎక్కువేద్దాం, ఏం గాదు" అన్నాడు. ఈ మాట నేను చాలా ఇళ్ల దగ్గర విన్నాను, ప్రతిసారీ కాదన్నాను. జల్లెడలో మిగిలిన గడ్డ మాత్రమే చెడింది, కిందికి దిగిన పొడి మంచిదే అన్న నమ్మకం తప్పు. గడ్డ కట్టే దాకా పోయిన బస్తాలో పొడి రేణువులకూ అప్పటికే తేమ తగిలి, పైపైన నీటితో చర్య జరిగిపోయి ఉంటుంది. ఆ రేణువు మళ్లీ నీళ్లలో కలిపినా మొదటి బలంతో పట్టుకోదు. ఎంత పోయిందో కంటికి కనపడదు కాబట్టి ఎంత ఎక్కువ వేయాలో ఎవరూ చెప్పలేరు.

సిమెంటు సంచి అల్లికలోంచి గాలి పోతుంది, గాలితో తేమా పోతుంది. అందుకే పొడి గదిలో సరిగా పేర్చినా మూడు నెలలకు బలంలో సుమారు ఐదో వంతు, ఆరు నెలలకు దాదాపు మూడో వంతు తగ్గుతుందని మా చదువుల్లో చెప్పే లెక్క. వానకాలంలో తడి నేల మీద ఆ తరుగు ఇంకా వేగంగా ఉంటుంది. మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష చేయించకుండా స్లాబుకు వాడకూడదు. దీనికి షాపతని మాట అక్కర్లేదు. ప్యాక్ చేసిన వారం, నెల, సంవత్సరం సంచి మీదే అచ్చువేసి ఉంటాయి. దింపుకునేటప్పుడు ఆ వరుస చదవండి. మీ దగ్గర నిల్వ ఉన్న రోజులు ఒక్కటే లెక్క కాదు, షాపు గోదాములో గడిచినవి కూడా ఆ మూడు నెలల్లోనే పడతాయి.

అన్ని గడ్డలూ ఒకటి కావు. పది వరుసల కింద నలిగిన బస్తా బరువుకే బిగుసుకుపోతుంది. దాన్ని నేల మీద రెండు మూడుసార్లు దొర్లిస్తే విడిపోతుంది, లోపలి గడ్డ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపితే పిండి అవుతుంది. ఆ బస్తాకు ఏ దోషమూ లేదు. దొర్లించినా విడవక, వేళ్ల మధ్య నలగకుండా ఇసుకరేణువులా కరుకుగా మిగిలితే అది తడి తగిలినది. అక్క ఇంటి దగ్గర మేము చేసింది ఇదే. అడుగు మూడు వరుసలు పక్కన పెట్టాం. రాయి అయినవి పారేశాం, మిగతావి ఇంటి చుట్టూ నడిచే జాగాలో కింద వేసే పలుచటి కాంక్రీటుకు ఉంచాం. పై వరుసలూ మూడు నెలలు దాటినవే కాబట్టి స్లాబుకు అన్నీ కొత్త బస్తాలే తెచ్చాం. ఆ అప్పు ఆమె మీద పడింది.

నిజామాబాద్ జిల్లా రైతుకు నిల్వ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఆరబెట్టాక ఆ సంచులను ఎవరూ తడి నేలకు ఆనించరు, గోడకు చేర్చరు. సిమెంటుకూ అదే మర్యాద చాలు. ఇటుకల మీద చెక్కలు పరిచి నేల నుంచి ఆరేడు అంగుళాల ఎత్తు, గోడ నుంచి అడుగున్నర దూరం, పదికి మించని వరుసలు. ఒక వరుసలో మూడు బస్తాలు నిలువు, రెండు అడ్డం పెట్టి, పై వరుసలో దిశ మారుస్తూ పోతే అయిదు బస్తాల వరుసలు పది, మొత్తం 50. అయిదడుగులకు నాలుగడుగుల జాగా సరిపోతుంది. ఆ జాగా కప్పు లేని కొత్త గదిలో కాక, ప్రస్తుతం కాపురం ఉంటున్న ఇంట్లోనో రేకుల షెడ్డులోనో ఉండాలి. పశువుల కొట్టం పక్కన వద్దు, అక్కడ నేల ఎప్పుడూ తడే. ఏదీ లేకపోతే వెదురు బొంగులు పాతి టార్పాలిన్ వాలుగా కట్టండి, బస్తాలకు తగలకుండా.

ఇంతకన్నా మంచి ఉపాయం, అసలు ముందుగా తెచ్చుకోకపోవడం. సలాకలు ముందు రావచ్చు, వాటిని కోసి వంచి కట్టాలి కాబట్టి రావాలి కూడా. సిమెంటు మాత్రం సెంట్రింగ్ పూర్తై, సలాకలు కట్టి, మేస్త్రి రోజు ఖాయం చేశాక రావాలి. డిచ్‌పల్లి జాతీయ రహదారి మీద ఉంది, నిజామాబాద్ ఇక్కడికి దగ్గర. సిమెంటు దొరకని చోటు కాదు ఇది.

ఉసికెకు ముప్పు వేరే రకం. మంజీర నుంచి వచ్చే ఉసికెను బోధన్ వైపు నల్లరేగడి ప్లాటులో నేరుగా ఒంపితే అడుగు పొర మట్టితో కలిసిపోతుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు కుప్పలో అడుగు మూడంగుళాలు పోతే 25 ఘనపుటడుగులు పోయినట్టు. చిన్న ట్రాలీలో పావు వంతుకు పైనే. ఎవరూ ఎత్తుకుపోకుండానే పోయింది. దానికంటే చెడ్డ విషయం, కూలీ ఆ అడుగు పొరనూ పారతో గీకి మాలులో కలపడం. రేగడి మన్ను కలిసిన కాంక్రీటు బీటలిస్తుంది. కుప్ప పోసే చోట మొరం పరిచి దిమ్మిస కొట్టించండి, మూడు వైపులా ముక్క ఇటుకలతో జానెడెత్తు అడ్డు కట్టండి. వాననీళ్లు పారే వాలులో, మోరీ అంచున వద్దు. రోడ్డు మీద అసలే వద్దు, రాత్రి బండి మీద వచ్చేవాడి ప్రాణం మీదికి వస్తుంది.

కుప్ప మీద కవరు కూడా కప్పండి, దానికో కారణం ఉంది. కొద్దిగా తడిసిన ఉసికె ఉబ్బుతుంది. గాజు సీసాలో తడి ఉసికెను ఎనిమిది అంగుళాలు పోసి, నిండా నీళ్లు పోసి కలిపి తేరనివ్వండి. అది ఆరున్నర అంగుళాలకు దిగితే తట్టతో కొలిచిన ఉసికెలో అయిదో వంతు దాకా ఉత్త ఖాళీ అన్నమాట. అప్పుడు పాళ్లు తప్పుతాయి, అనుకున్న బస్తాలకు అనుకున్నంత కాంక్రీటు రాదు. సిమెంటు ఎవరో తీసుకుపోయారని ఇంటివాళ్లు కూలీలను అనుమానిస్తారు.

నిజమైన దొంగతనం ఎక్కువగా సలాకల్లో జరుగుతుంది. అర్ధరాత్రి లారీలో కాదు, పట్టపగలు ముక్కలు ముక్కలుగా, పాత ఇనుప సామాన్ల షాపుకు. దింపేటప్పుడు కాటా చీటీ ఒక్కటే చూసి సంతకం పెట్టకండి, సలాకలు లెక్కపెట్టండి. పన్నెండు మీటర్ల 8 ఎంఎం సలాక 4.74 కిలోలు, 10 ఎంఎం అయితే 7.4 కిలోలు. 40 సన్నవి, 42 లావువి కలిపితే 500 కిలోలు. సన్న సలాకల బరువులో ఏడు శాతం దాకా తేడాను ప్రమాణాలే ఒప్పుకుంటాయి గనుక రెండు సలాకలు పోయినా కాటా పట్టుకోలేదు, లెక్క పట్టుకుంటుంది. కోసిన ముక్కల కుప్ప ఇంటివాళ్ల గుమ్మం ముందే ఉండాలి. అందులో చాలా ముక్కలు స్లాబులో సలాకలను ఎత్తిపట్టే కుర్చీలకు పనికొస్తాయి.

తుప్పు చూసి కంగారు పడేవాళ్లున్నారు. పలుచటి ఎర్రపొర వల్ల నష్టం లేదు. గోనెతో గట్టిగా రుద్దినప్పుడు పెచ్చులు రాలితే, కింద గుంటలు కనపడితే ఒక మీటరు ముక్క తూయండి. 10 ఎంఎం అయితే 617 గ్రాములు ఉండాలి. 574 కన్నా తక్కువ తూగితే ఆ సలాక స్లాబులోకి పోకూడదు. నేలకు ఆరంగుళాల పైన దిమ్మెల మీద పెడితే ఈ గొడవే ఉండదు.

ఇటుకలకు రెండే మాటలు. ట్రాలీ ఎత్తి ఒంపించుకోకండి, చేతితో దింపించి పేర్పించండి. చౌడు నేల మీద పేర్చకండి, ఆ ఉప్పు ఇటుకలోకి ఎక్కి గోడ మీద తెల్లగా లేస్తుంది.

ఇక అధికారులతో ఒక మాట. ప్రతి దశకూ ఇంటి ఫొటో తీసి యాప్‌లో పెడుతున్నారు. పోసిన స్లాబు ఫొటోలో ఏ సిమెంటుతో పోశారో కనపడదు. పోసే ముందు రోజు బస్తా మీద అచ్చు తేదీని ఒక ఫొటో తీయండి, దానికి పైసా ఖర్చు లేదు. షాపులవాళ్లను కూడా అడుగుతున్నాను. ఖాతా ఇచ్చేటప్పుడు డబ్బుకు గడువు ఎలా రాసుకుంటారో, సిమెంటు దింపే తేదీని ఇంటివాళ్లు చెప్పినట్టు అలాగే రాసుకోండి. స్లాబు పోసిన మర్నాడు మిగిలిన బస్తాలను, కుట్టు విప్పనివైతే, వెనక్కి తీసుకోండి. ప్లాస్టరింగ్ మొదలయ్యే సరికి ఇంకో మూడు నాలుగు వారాలు పడుతుంది, ఆ బస్తాలు అక్కడ ఉండి చేసేదేమీ లేదు.