ఇంకొకరి పేరు మన ఉత్తరంలో రాసేటప్పుడు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల మన పల్లెల పిల్లోళ్లు డిగ్రీ చదివి బెంగుళూరు దారి పట్టడం కొత్త సంగతేమీ కాదు. కుప్పంలో రైలెక్కినా, మదనపల్లెలో బస్సెక్కినా చేరేది అక్కడికే. అక్కడ రూము దొరుకుతుంది, మెస్సు దొరుకుతుంది. కంపెనీ లోపల మన గురించి ఒక మాట చెప్పే మనిషి మాత్రం దొరకడు. పై కులాల పిల్లోనికి ఆ మనిషి పెళ్లిపందిట్లోనే తగులుతాడు. "మా బావమరిది కొడుకండీ" అంటే పని మొదలైపోతుంది. వానికి ఉత్తరం రాయాల్సిన అవసరమే లేదు. మనకు ఆ పెళ్లిపందిరి లేదు కాబట్టి మనం ఉత్తరం రాయాల్సిందే. ఆ ఉత్తరం ఎట్లా రాయాలనేదే ఈ వ్యాసం.

మొదట ఒక అనుమానం తీర్చుకుందాం. "ప్రతిభ ఉంటే చాలదా, ఒకరి పేరు చెప్పుకోవడం పైరవీ కాదా?" అని మనలో నిజాయితీపరులే అడుగుతారు. కాగితం మీద ప్రతిభ ఒక్కటే చూస్తారా అన్నది పరీక్షించి చూసినవాళ్లున్నారు. సుఖదేవ్ థోరాట్, పాల్ ఆటెవెల్ అనే ఇద్దరు పరిశోధకులు 2005లో మొదలుపెట్టి ఏడాదికి పైగా పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు దరఖాస్తులు పంపించినారు. చదువులు సమానమే, పేర్లే వేరు. పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపొచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులే అని 2007లో తేల్చినారు. మనిషిని చూడకముందే, పేరు చదివినంతలోనే తక్కెడ ఒక పక్కకు ఒరిగింది. అటువంటి చోట మనల్ని ఎరిగిన మనిషి పేరు ఒకటి ఉత్తరంలో ఉంటే, చదివేవాని కన్ను ఇంకొక్క నిమిషం ఆ కాగితం మీద నిలబడుతుంది. మనకు కావాల్సింది ఆ ఒక్క నిమిషమే.

పైరవీకీ పరిచయానికీ తేడా ఉంది. "వీడు మావాడు, పని ఇవ్వండి" అనేది పైరవీ. "ఈ మనిషి పని నేను చూసినాను, మీరూ చూడండి" అనేది పరిచయం. అంబేడ్కర్ చదువే ఇందుకు సాక్ష్యం. బొంబాయిలో కేలూస్కర్ అనే మాస్టారు ఆ పిల్లవాని చదువును కళ్లారా చూసినవాడు. డబ్బుల్లేక చదువు ఆగిపోయేటట్టుంటే బరోడా మహారాజుకు పరిచయం చేసినాడు. మహారాజు తానే ప్రశ్నలడిగి, జవాబులకు తృప్తిపడి, నెలకు 25 రూపాయల సాయం మంజూరు చేసినాడు. మాస్టారు తలుపు తెరిచినాడు, లోపల జవాబు చెప్పింది అంబేడ్కరే. మన ఉత్తరం కూడా అంతవరకే పని చేయాల.

ఒక హెచ్చరిక. ఇదంతా ప్రైవేటు ఉద్యోగాల సంగతి. సర్కారు పరీక్షల్లో, ఇంటర్వ్యూల్లో ఎవరి పేరూ ఎత్తకూడదు. ఏ రూపంలో సిఫారసు చేయించుకున్నా అనర్హులని నోటిఫికేషన్లలోనే రాస్తారు.

సరే, ఎవరి పేరు చెప్పాల? దగ్గరి చుట్టమే కానక్కరలేదు. అమెరికాలో గ్రానోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఉద్యోగాలు మారినవాళ్లను అడిగి 1973లో ఒక సంగతి రాసినాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమంది ఆ తెలిసినవాళ్లను రోజూ కలిసేవాళ్లు కాదు. ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లే. ఇది మనకు మంచి కబురు. మన చుట్టాల్లో కంపెనీ మేనేజర్లు లేరు. మన హాస్టల్లో నాలుగేండ్ల ముందు చదివిన అన్న, మన కాలేజీలో సీనియరైన అక్క మాత్రం ఏదో ఒక ఆఫీసులో ఉంటారు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

ఒక ఉదాహరణ అనుకుందాం. కుప్పం దగ్గరి పల్లె పిల్ల. కంప్యూటర్ల డిగ్రీ చదివి, ఒక చిన్న కంపెనీలో ఏడాదిన్నరగా సాఫ్ట్‌వేరును పరీక్షించే పని చేస్తోంది. బెంగుళూరులో ఒక పెద్ద కంపెనీలో అదే పనికి ప్రకటన పడింది. ఉద్యోగంలోకి తీసుకునే మేనేజరు టీములోనే తన కాలేజీ సీనియర్ ఉన్నాడని తెలిసింది. ఆ పిల్ల ఆత్రంగా ఇట్లా రాసిందనుకోండి: "సార్, మీ దగ్గర పనిచేసే ఫలానా అన్న మావాడే. మేమిద్దరం ఎస్సీ హాస్టల్లో ఉండి చదువుకున్నాం. పేదవాళ్లం. దయచేసి ఉద్యోగం ఇప్పించండి."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా జరిగిందేమిటో చూడండి. ఆ అన్న ఐదేండ్లుగా ఆ ఆఫీసులో తన కులం చెప్పుకోకుండా నెట్టుకొస్తూ ఉండొచ్చు. పక్క సీటువాడు "మీరేమిట్లు?" అని తిప్పి తిప్పి అడిగినప్పుడల్లా మాట దాటేసి ఉండొచ్చు. అది పిరికితనమని తీర్పు చెప్పడానికి మనమెవరం? ఎప్పుడు చెప్పాల, ఎవరికి చెప్పాల అనేది ఆయన హక్కు. ఈ పిల్ల ఒక్క వాక్యంతో ఆ హక్కును ఆయన మేనేజరు చేతిలో పెట్టేసింది. తనకు ఉద్యోగం వస్తుందో రాదో గానీ, ఆయనకు మాత్రం రేపటి నుంచి ఆఫీసులో గాలి మారిపోతుంది. పై కులపోడు తన బావమరిది పేరు చెప్పుకుంటే బావమరిదికి పోయేదేమీ లేదు. మనం మనవాని పేరు చెప్పేటప్పుడు వానికి పోయేది ఉండొచ్చు. మనకున్న తేడా ఇదే.

అందుకని మొదటి ఉత్తరం మేనేజరుకు కాదు, ఆ అన్నకు రాయాల. ఇట్లా:

"అన్నా, మీ టీములో టెస్టింగ్ ఉద్యోగం పడింది. మీ మేనేజరుకు రాయాలనుకుంటున్నా. నీ పేరు చెప్పొచ్చా? వద్దంటే ఏమీ అనుకోను, పేరు లేకుండానే రాస్తా. చెప్పొచ్చంటే, మనకు పరిచయం ఎట్లా అని రాయమంటావు? రాసింది పంపే ముందు నీకు చూపిస్తా."

ఇందులో ప్రాణమున్నది ఆ రెండో ప్రశ్నకే. ఆయన "కాలేజీ సీనియర్ అని రాయి" అంటే అంతే రాయాల. "హాస్టలని రాయి, నాకేం భయం లేదు" అంటే అట్లాగే రాయొచ్చు. జవాబే రాకపోతే అది "వద్దు" అనే లెక్క, పేరు రాయకూడదు. ఇంకొక లాభం కూడా ఉంది. చాలా కంపెనీల్లో ఉద్యోగులు తమకు తెలిసినవాళ్ల పేర్లు లోపలి నుంచే నమోదు చేయించే పద్ధతి ఉంటుంది. మనం ముందే బయట నుంచి దరఖాస్తు పెట్టేస్తే కొన్నిచోట్ల ఆ దారి మూసుకుపోతుంది. దరఖాస్తు కంటే ముందు అన్నను అడగడం ఇందుకూ మంచిది.

ఆయన సరేనన్నాక మేనేజరుకు ఇట్లా రాయొచ్చు. కంపెనీకి ఇంగ్లీషులో రాయాల్సి వస్తే ఇవే మాటలు, ఇంతే చిన్న వాక్యాల్లో రాస్తే చాలు.

"విషయం: టెస్టింగ్ ఉద్యోగం, ప్రకటన నంబరు ఫలానా.

నమస్తే ఫలానా గారూ. మీ టీములో టెస్టింగ్ ఉద్యోగం ఖాళీ ఉన్నట్టు చూశాను. మీ టీములో పనిచేసే ఫలానా గారు కాలేజీలో నాకు రెండేళ్లు సీనియర్. నా చివరి ఏడాది ప్రాజెక్టు ఆయన చూశారు. మీకు రాస్తున్నట్టు ఆయనకు తెలుసు.

నేను ఏడాదిన్నరగా ఒక చిన్న కంపెనీలో, దుకాణాల బిల్లులు వేసే సాఫ్ట్‌వేరును పరీక్షిస్తున్నాను. విడుదలకు ముందు తప్పులు పట్టి, ఆ తప్పు మళ్లీ ఎట్లా వస్తుందో వరసగా రాసి ఇవ్వడం నా పని. మీ ప్రకటనలో అడిగింది ఎక్కువగా ఇదే.

బయోడేటా జత చేశాను. ఈ ఉద్యోగానికి నేను సరిపోతానేమో చూడగలరా? ఈ పని వేరొకరు చూస్తుంటే ఎవరికి పంపాలో చెప్పినా చాలు. నమస్కారాలతో, ఫలానా."

ఆ అన్న పేరు ఒక్కసారే వచ్చింది, అదీ మొదట్లోనే. మళ్లీ మళ్లీ వస్తే అది బెదిరింపు మాదిరి వినబడుతుంది. "ప్రాజెక్టు చూశారు" అని ఉందే గానీ "నన్ను చాలా మెచ్చుకున్నారు" అని లేదు. ఆయన చెప్పని మాట ఆయన నోట పెట్టకూడదు. ఎందుకంటే ఉత్తరం చదివిన మేనేజరు చేసే మొదటి పని ఆ అన్న సీటు దగ్గరికి పోయి "ఈ అమ్మాయి నీకు తెలుసా?" అని అడగడం. అప్పుడు ఉత్తరంలో ఉన్న మాటా ఆయన చెప్పే మాటా ఒకటిగా ఉండాల. "ఎవరో, గుర్తు లేదు సార్" అన్నాడంటే కథ అంతటితో అయిపోతుంది. "అవును సార్, ప్రాజెక్టు బాగా చేసింది" అంటే కాగితం కదులుతుంది.

చివర్లో అడిగింది కూడా గమనించండి. "ఉద్యోగం ఇవ్వండి" అనలేదు, "చూడగలరా" అనింది. పేదరికం ఎత్తలేదు, దయ అడగలేదు. వినయం అంటే వంగిపోవడం కాదు. అవతలి మనిషి సులభంగా "కాదు" అనడానికి దారి వదిలిపెట్టడమే మర్యాద. వారం రోజులు జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తు చేయొచ్చు. ఆ తర్వాత ఊరుకోవాల. "మీ మేనేజరును అడగన్నా" అని ఆ అన్న మీద పడకూడదు. ఆయన మళ్లీ ఇంకొకరికి పేరు ఇవ్వాలంటే, మనకిచ్చినందుకు ఆయన ఇబ్బంది పడి ఉండకూడదు. ఉద్యోగం వచ్చినా రాకున్నా ఏం జరిగిందో ఆయనకు ఒక మాట చెప్పాల.

ఈ ఉత్తరంతో కులం పోతుందని నేను చెప్పడం లేదు. 2007లోనే జోధ్కా, న్యూమన్ అనే పరిశోధకులు పెద్ద కంపెనీల్లో ఉద్యోగులను ఎంపిక చేసే అధికారులతో మాట్లాడి ఒక సంగతి బయటపెట్టినారు. ఆ అధికారులు నోటితో ప్రతిభ అంటూనే, ఇంటర్వ్యూలో "మీ నాన్న ఏం చేస్తాడు, మీ కుటుంబం ఎటువంటిది" అని అడుగుతారంట. ఉత్తరం మనల్ని ఆ గదిదాకా తీసుకుపోతుంది. గదిలోపల అడిగే ఆ ప్రశ్న మీద పోరాటం వేరే ఉంది. అది సంఘం చేయాల్సిన పని, ఒక పిల్ల రాసే ఉత్తరంతో తీరేది కాదు.

సంఘాల కార్యకర్తలకు ఒక మాట. ఏ ఊరి నుంచి ఎవరు ఏ కంపెనీలో ఉన్నారో మనలో చాలామందికి నోటికి వచ్చు. ఆ జాబితాను గోడకు అంటించకండి, ఫోన్లలో అందరికీ పంపకండి. పిల్లోళ్లు వచ్చి అడిగితే, ముందు ఆ అన్నకో అక్కకో మీరే ఫోను చేసి "ఒక పిల్లకు నీ నంబరు ఇవ్వొచ్చా?" అని అడగండి. పైకి పోయిన ఒక్కొక్క మనిషీ మనకు తలుపే. తోసేసి తెరిచే తలుపు కాదది, తట్టి అడగాల.