కోత పడితే కాగితం పెట్టండి

ఖాతాదారులారా!

పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంటే ఒక్కోసారి మనం తీయని డబ్బు తీసినట్టు కనబడుతుంది. 'MIN BAL CHG' లాంటి పొడి అక్షరాలు, పక్కన 590 రూపాయలు. కౌంటర్లో అడిగితే "మినిమమ్ బ్యాలెన్సు లేదు, సిస్టమే కట్ చేసింది" అంటారు. మనం సరేనని బయటికి వచ్చేస్తాం. మనం అడిగినట్టు గానీ, వాళ్లు జవాబు చెప్పినట్టు గానీ ఎక్కడా రాతలో ఉండదు కాబట్టి వ్యవహారం అక్కడితో సరి.

మేం కోరేది ఒక్కటే. పొదుపు ఖాతాలో అన్యాయంగా కోత పడితే నోటితో అడిగి ఊరుకోకండి. తెలుగులో ఫిర్యాదు రాసి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. బ్యాంకు జవాబు చెప్పాల్సిన గడువు ఆ తేదీ నుంచి లెక్కకొస్తుంది.

ఆ 590 ఎక్కడిది?

చాలామందికి ఈ కోత జీతం ఖాతాలోనే మొదలవుతుంది. ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీ వాళ్లే జీరో బ్యాలెన్సు ఖాతా తెరిపిస్తారు. పని మానేశాక జీతం పడదు. కొన్ని నెలలు చూసి బ్యాంకు దాన్ని మామూలు పొదుపు ఖాతాగా మార్చేస్తుంది. ఇక నెలవారీ సగటు నిల్వ ఇంత ఉండాలన్న షరతు వర్తిస్తుంది. ఆ సంగతి ఖాతాదారుకు తెలిసేది కోత పడ్డాకే.

ఒక లెక్క వేసి చూద్దాం. కుట్టుపని కంపెనీలో పని మానేసిన ఒక అక్క ఖాతాకు 5,000 రూపాయల సగటు నిల్వ షరతు ఉందనుకోండి. జూన్ 1 నుంచి 10 దాకా ఖాతాలో రోజూ 8,000 ఉంది. 11న పిల్లల ఫీజుకు 5,000 తీసింది. అక్కడి నుంచి నెలాఖరు దాకా 3,000 ఉంది. సగటు అంటే నెలాఖరున మిగిలిన డబ్బు కాదు. ప్రతిరోజూ ఉన్న నిల్వలన్నీ కూడి రోజుల సంఖ్యతో భాగించాలి. పది రోజులకు 80,000, ఇరవై రోజులకు 60,000, మొత్తం 1,40,000. దాన్ని 30తో భాగిస్తే 4,667. అంటే తగ్గింది 333 రూపాయలు మాత్రమే. జులై 5న ఖాతాలోంచి పోయింది మాత్రం 590: రుసుము 500, దానిమీద 18 శాతం జీఎస్టీ 90.

333 తగ్గినందుకు 590 తీసుకోవడం న్యాయమా అన్నది ఒక ప్రశ్న. నియమం ప్రకారం చెల్లుతుందా అన్నది ఇంకో ప్రశ్న. మన లేఖ రెండో ప్రశ్న మీద నిలబడాలి.

నియమం ఏం చెబుతోంది?

పొదుపు ఖాతాల్లో కనీస నిల్వ లేనందుకు వేసే జరిమానాల గురించి రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న బ్యాంకులకు ఆదేశాలిచ్చింది. అవి 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటిలో మనకు పనికొచ్చేవి మూడు.

మొదటిది, ముందస్తు నోటీసు. నిల్వ తగ్గిందని, నెల లోపు సరిచేయకపోతే జరిమానా పడుతుందని ఎస్సెమ్మెస్, ఈమెయిలు, ఉత్తరం లాంటి వాటితో తెలియజేయాలి. ఆ నోటీసు తేదీ నుంచి కనీసం ఒక నెల గడువివ్వాలి. మన లెక్కలో జూన్ సగటు తేలేది జూన్ ముగిశాకే. కోత పడింది జులై 5న. నెల గడువు ఎక్కడిచ్చినట్టు?

రెండోది, తగ్గినదానికి తగ్గ రుసుము. ఎంత తగ్గిందో దానికి ఒక స్థిర శాతంగా జరిమానా ఉండాలి. శ్లాబులు పెట్టుకోవచ్చు గానీ, అవి కూడా తగ్గిన మొత్తాన్ని బట్టే ఉండాలి. ఆ అక్క బ్యాంకు రుసుముల పట్టికలో 6 శాతం అని ఉందనుకుంటే 333కు పడాల్సింది 20 రూపాయలు. జీఎస్టీతో కలిపి 23 రూపాయల 60 పైసలు. ఎంత తగ్గినా అందరికీ ఒకటే 500 అంటే ఈ నియమానికి విరుద్ధం.

మూడోది, కేవలం ఈ జరిమానా వల్ల ఖాతా నిల్వ సున్నాకన్నా కిందికి, అంటే మైనస్‌లోకి పోకూడదు.

ఇవి మన పక్షాన ఉన్నాయి కదా అని ప్రతి కోతా తప్పేనని అనుకోవద్దు. నోటీసు వచ్చి, నెల గడిచి, తగ్గినదాన్ని బట్టే రుసుము వేసి ఉంటే ఫిర్యాదు నిలవదు. రేటు ఎక్కువైందన్న ఒక్క మాటతోనూ నెగ్గలేం. రేటు నిర్ణయించుకునేది బ్యాంకు డైరెక్టర్ల బోర్డే. ఇంకో సంగతి: మీ పాత ఫోను నంబరుకు నోటీసు పంపి ఉంటే బ్యాంకు దాన్నే చూపిస్తుంది. ఖాతాకు ఏ నంబరు ముడిపడి ఉందో లేఖ రాసే ముందే కనుక్కోండి.

లేఖ ఇలా రాయండి

తెలుగులో రాస్తే చెల్లుతుందా అని జంకనక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల కేంద్రమే ఉత్తరాలను ఏ భాషలో ఉన్నా తీసుకుంటుంది. శాఖలో మేనేజరుకు తెలుగు రాకపోతే చదివించుకునే బాధ్యత బ్యాంకుది. తేదీలు, మొత్తాలు అంకెల్లో వేయండి. భాష రాకపోయినా వాటిని పట్టుకుని ఖాతా తెరిచి చూడగలరు.

లేఖ ఒక్క పేజీ దాటకూడదు. పడిన కష్టాలూ, సిబ్బంది మాట తీరూ ఇందులో కలిపితే అసలు సంగతి మరుగున పడుతుంది. పై లెక్కకు సరిపోయే లేఖ ఇది:

తేదీ: ............

బ్రాంచి మేనేజరు గారికి,
............ బ్యాంకు, ............ శాఖ.

విషయం: పొదుపు ఖాతా నం. ............ నుంచి కనీస నిల్వ జరిమానా పేరుతో జులై 5న తీసుకున్న రూ. 590 తిరిగి జమచేయడం గురించి.

అయ్యా / అమ్మా,

నాకు మీ శాఖలో పై నంబరు గల పొదుపు ఖాతా ఉంది. జూన్ నెలలో కనీస సగటు నిల్వ లేదన్న కారణంతో జులై 5న రూ. 590 తీసుకున్నారు. పాస్‌బుక్కు పేజీ నకలు జతచేశాను.

ఈ కోత రెండు కారణాల వల్ల చెల్లదు. ఒకటి, జరిమానా వేస్తామని నాకు ముందుగా ఏ నోటీసూ అందలేదు, నెల గడువూ ఇవ్వలేదు. రెండు, నా లెక్క ప్రకారం జూన్ సగటు నిల్వ రూ. 4,667. రూ. 5,000కు తగ్గింది రూ. 333 మాత్రమే. రుసుము దానికి తగినట్టు లేదు. ఇవి రిజర్వు బ్యాంకు 2014 నవంబరు 20న ఇచ్చిన ఆదేశాలకు విరుద్ధం.

కాబట్టి రూ. 590 జీఎస్టీతో సహా నా ఖాతాలో తిరిగి జమచేయగలరు. అలా చేయనట్లయితే నోటీసు ఏ తేదీన, ఏ నంబరుకు లేదా చిరునామాకు పంపారో ఆ నకలు, రుసుము కట్టిన లెక్క, మీ రుసుముల పట్టిక నాకు రాతపూర్వకంగా ఇవ్వగలరు.

ఈ ఫిర్యాదుకు నంబరు ఇచ్చి, అందినట్టు రెండో ప్రతి మీద సంతకం, ముద్ర వేయవలసిందిగా కోరుతున్నాను. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోను నంబరు)

జత: పాస్‌బుక్కు పేజీ నకలు.

ఈ లేఖలో బలమంతా "అలా చేయనట్లయితే" అన్న వాక్యంలో ఉంది. డబ్బు తిరిగివ్వండి అంటే "కుదరదు" అనడం తేలిక. నోటీసు నకలు చూపండి అంటే వెతకాల్సిందే. నోటీసు పంపకపోతే చూపడానికి ఏమీ ఉండదు. ఖాతా నంబరు రాయండి గానీ కార్డు నంబరు, పిన్, ఓటీపీ మాత్రం ఏ ఫిర్యాదులోనూ, ఎవరడిగినా ఇవ్వకండి.

ముద్ర వేయకపోతే?

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకు, ముద్ర పడింది మీకు. "ఇక్కడ పెట్టి వెళ్లండి, చూస్తాం" అంటే పెట్టి రాకండి. ఫిర్యాదుల పుస్తకం ఇమ్మని అడగండి. రాసినవారికి అక్కడికక్కడే ఒక ప్రతి చించి ఇచ్చేలా, చిల్లుల గీత ఉన్న పుస్తకం శాఖల్లో పెట్టమని ఖాతాదారుల సేవ గురించిన రిజర్వు బ్యాంకు సూచనల్లోనే ఉంది. అదీ లేదంటే అదే లేఖను స్పీడ్‌పోస్టులో పంపి రశీదు దాచుకోండి.

ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు సమ్మతం కాకపోయినా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. బ్యాంకులకూ ఇతర ఆర్థిక సంస్థలకూ వేర్వేరుగా ఉన్న అంబుడ్స్‌మన్ పథకాలను రిజర్వు బ్యాంకు 2021 నవంబరు 12న కలిపి ఒక్కటి చేసింది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. cms.rbi.org.in లో నమోదు చేయవచ్చు, లేదా చండీగఢ్ సెక్టార్ 17లోని రిజర్వు బ్యాంకు కేంద్రానికి ఉత్తరం రాయవచ్చు. ఎలా చేయాలో తెలియకపోతే 14448కు ఫోను చేసి అడగవచ్చు. అయితే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినట్టు చూపకపోతే అక్కడ మన కాగితాన్ని పక్కన పెట్టేస్తారు. ముద్ర పడిన ప్రతి కోసం పట్టుబట్టమనేది ఇందుకే. అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికీ గడువుంటుంది కాబట్టి నెల దాటగానే కదలండి.

మళ్లీ కోత పడకుండా

డబ్బు తిరిగొచ్చినా ఖాతా అదే రకంగా ఉంటే వచ్చే నెల మళ్లీ ఇదే కథ. నిల్వ ఉంచలేమనుకుంటే ఖాతాను బేసిక్ సేవింగ్స్ బ్యాంకు డిపాజిట్ అకౌంటుగా మార్చమని వేరే కాగితం పెట్టండి. దానికి కనీస నిల్వ షరతు లేదు, ఏటీఎం కార్డుకు రుసుము లేదు, నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. షరతల్లా ఒకటే, అదే బ్యాంకులో మీకు ఇంకో పొదుపు ఖాతా ఉండకూడదు. కొన్ని ప్రభుత్వ రంగ బ్యాంకులు మామూలు పొదుపు ఖాతాలకు కూడా ఈ జరిమానా ఎత్తేశాయి. స్టేట్ బ్యాంకు 2020లోనే ఎత్తేసింది. మీ బ్యాంకు సంగతి కనుక్కోండి.

బ్యాంకు శాఖలకు మా డిమాండ్లు

1. ఫిర్యాదు పత్రాలు తెలుగులో అచ్చువేసి, ఖాతాదారు అడగకముందే కౌంటరు మీద ఉంచండి.

2. తెలుగులో ఇచ్చిన ఫిర్యాదుకు అప్పటికప్పుడు నంబరు, ముద్ర వేసి ఇవ్వండి. జవాబు కూడా తెలుగులోనే ఇవ్వండి.

3. జీతం ఖాతాను మామూలు ఖాతాగా మార్చేముందు, కనీస నిల్వ ఎంతో, జరిమానా ఎంతో తెలుగులో తెలియజేయండి. జరిమానా లేని ఖాతా కూడా ఉందని ఆ కాగితంలోనే చెప్పండి.

ఖాతాదారులకు మా విన్నపం: ఈ వారంలోనే పాస్‌బుక్కు ప్రింటు వేయించండి. ఏడాది పొడుగునా పడిన కోతలను పెన్నుతో గుర్తుపెట్టండి. ఒక్కొక్కదానికి నోటీసు వచ్చిందా లేదా చూసుకుని, రానిదానికి పై లేఖ రాయండి. రాయడం రాని పొరుగువారికి రాసిపెట్టండి. సంతకమో వేలిముద్రో వాళ్లది ఉంటే చాలు. ఒక శాఖకు ఒక లేఖ వస్తే ఫైల్లో పడి ఉంటుంది. అదే నెలలో ముప్పై లేఖలు ముద్రలు వేయించుకుని వస్తే ఆ రుసుము ఎలా వేస్తున్నారో పైవాళ్లు లెక్క చెప్పుకోక తప్పదు.

— కొందరు ఖాతాదారులు

(చదివాక ఇంకొకరికి ఇవ్వండి. లేఖను ఎవరైనా నకలు తీసుకోవచ్చు.)