ఆ తప్పులు అమ్మవి కావు

అమ్మలు పంపే తప్పుల మెసేజీలు చూసి నవ్వుకోని ఇల్లు ఈ రోజుల్లో ఉండదేమో. ‘చీర కొన్నా’ అని పంపబోతే ‘చీమ కొన్నా’ అని పోతుంది. పిల్లలు అది నలుగురికీ చూపించి నవ్వుతారు. అమ్మా నవ్వుతుంది. ఆ సరదాను కాదనడం నా ఉద్దేశం కాదు. కాకపోతే, నవ్వే ముందు ఆగి చూడాల్సిన తప్పు ఒకటుంది. దాన్ని ముందుగా పసిగట్టగలిగేది డాక్టరు కాదు, ఆ మెసేజీ అందుకున్న మనిషే.

పక్షవాతం అనగానే మనకు మూతి వంకర పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం గుర్తొస్తాయి. అయితే మాటలు కూర్చే పని చాలామందికి మెదడులో ఎడమవైపు జరుగుతుంది. అక్కడి రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే ముందు మాటే చెడవచ్చు. ఎదురుగా ఎవరూ లేకపోతే ఆ సంగతి ఫోనులోనే బయటపడుతుంది.

అమెరికాలోని బోస్టన్‌లో పాతికేళ్ల గర్భిణి ఒకామెకు ఇలాగే అయింది. కాన్పు తేదీ ఎప్పుడని భర్త మెసేజీలో అడిగితే, పొంతన లేని మాటలు జవాబుగా వచ్చాయి. ఆయనకు అనుమానమొచ్చి ఆసుపత్రికి తీసుకుపోతే పక్షవాతమని తేలింది. జలుబు చేసి అప్పటికే ఆమె గొంతు పోయి ఉండటంతో, మాటలో తేడా ఎవరికీ తెలియలేదట. 2012 చివర్లో ఒక వైద్య పత్రిక ఈ సంగతి ప్రచురించింది. మరుసటి ఏడాది డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి డాక్టర్లు ఇంకో కేసు చెప్పారు. నలభై ఏళ్ల మనిషి, మాట చక్కగానే ఉంది, చదవగలుగుతున్నాడు, ఫోనులో కొట్టింది మాత్రం గజిబిజి. అది తప్పని ఆయనకే తెలియలేదు!

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మామూలు తప్పయితే పంపిన మనిషే చూసుకుని ‘అయ్యో, చీర’ అని మళ్లీ కొడుతుంది. ఫోను తనంతట తాను మార్చేసిన మాట కూడా ఏదో ఒక అర్థమున్న మాటే అవుతుంది, చుట్టూ ఉన్న వాక్యం బాగానే ఉంటుంది. జబ్బు చేసినప్పుడు వాక్యమే విరిగిపోతుంది. లేని మాటలు వస్తాయి, సంబంధం లేని మాటలు పక్కపక్కన కూర్చుంటాయి, దిద్దుబాటు ఉండదు. తిరిగి అడిగితే వచ్చే జవాబూ అలాగే ఉంటుంది. అమ్మ మామూలుగా చేసే తప్పులేవో కూతురికి తెలుసు. ఇవి ఆ తప్పులు కావు.

మా పెద్దతిప్పసముద్రంలో సగం ఇళ్లకు బెంగళూరులోనో కువైట్‌లోనో ఒక బిడ్డ ఉంటుంది. మా వీధిలో పెద్దమ్మ ఒకామె ఒంటరిగా ఉంటుంది, బీపీ ఉంది. ఒకరోజు పొద్దున 6 గంటల 10 నిమిషాలకు ‘పాలు పోయించుకున్న్యా, మాత్ర ఏసుకుంటా’ అని బెంగళూరులోని కూతురికి మెసేజీ పెట్టింది. 7.25కి ఇంకోటి వచ్చింది: ‘పాలు రేపు గిన్నె కుకు వాకిలి నాన’. పెద్దమ్మ మాటల మధ్య ఎడం వదలదు, ళ రాయాల్సిన చోట ల రాస్తుంది. కానీ ‘కుకు’ అని ఏనాడూ రాయలేదు. కూతురు వెంటనే ఫోను చేసింది. ‘బాగున్నావా మా?’ అంటే ‘ఆఁ ఆఁ’ అంది. ‘ఈరోజు ఏం వారం?’ అంటే ‘పాలు’ అంది.

‘బాగున్నావా’ అని అడిగితే మన ఆడవాళ్లు ప్రాణం మీదికొచ్చినా బాగున్నామనే అంటారు. అందుకే జవాబు కూర్చుకోవాల్సిన ప్రశ్న అడగాలి. లేదంటే ఒక చిన్న వాక్యం చెప్పి మళ్లీ చెప్పమనాలి.

ఆ పిల్ల నాకు ఫోను చేసింది. ‘అక్కా, మాయమ్మ మాట్లాడతా ఉంది గానీ ఒక్క ముక్కా అర్థం కావడంల్యా. రోంత చూసి రా అక్కా’. పోయి చూస్తే పెద్దమ్మ మంచం మీదే కూచోనుంది. నవ్వమన్నాను, మూతి కుడివైపు కొంచెం జారింది. రెండు చేతులూ ముందుకు చాపి కళ్లు మూసుకోమని చేసి చూపించాను. కుడిచెయ్యి మెల్లగా కిందికి దిగింది. వెంటనే 108కి ఫోను చేశాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. బెంగళూరులో ఉండి 108 తిప్పితే ఆ ఫోను కర్ణాటక వాళ్లకు పోతుంది. కువైట్ నుంచయితే తగలనే తగలదు. దూరాన ఉన్న బిడ్డ చేయాల్సింది ఊళ్లో ఉన్నవాళ్లకు ఫోను చేయడమే. ఇరుగుపొరుగులో ఇద్దరి నంబర్లయినా దగ్గర లేకపోతే ఆ గంటలో ఎంత చదువున్నా ఏం లాభం?

అంబులెన్సు వచ్చేదాకా ఇంట్లోవాళ్ల చేతులు ఊరుకోవు. ‘రోంత నీళ్లు తాపండి’ అని ఒకరు, ‘బీపీ మాత్ర ఇంకోటి ఎయ్యండి’ అని ఇంకొకరు. రెండూ వద్దు. మింగే శక్తి పోయి ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీని మనంతట మనం దించితే మెదడుకు అందే కాస్త రక్తమూ తగ్గిపోవచ్చు. గుండెనొప్పికి వేసే ఆస్పిరిన్ కూడా ఇవ్వకూడదు. నరం పూడిందో, చిట్లి రక్తం కారుతోందో సీటీ స్కాను తీస్తే తప్ప ఎవరూ చెప్పలేరు, కారుతుంటే ఆస్పిరిన్ విషమే. మగతగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. షుగరున్న మనిషయితే వేలు గుచ్చి చూడాలి. షుగరు బాగా పడిపోయినా మాట ఇలాగే తడబడుతుంది. పెద్దమ్మకు అంబులెన్సు వాళ్లు చూస్తే 140 ఉంది. అంటే అది కాదన్నమాట.

వాళ్లు, ఆసుపత్రి డాక్టరు, అందరూ అడిగింది ఒకటే ప్రశ్న: ‘చివరిసారి బాగున్నది ఎప్పుడు?’ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఆ వేళ నుంచి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మనం చూసిన వేళ నుంచి కాదు. ఒంటరి మనిషి విషయంలో సాధారణంగా ఈ ప్రశ్నకు జవాబుండదు. పెద్దమ్మకు ఉంది. 6.10 నాటి మంచి మెసేజీ. చెడ్డ మెసేజీ ఎంత అవసరమో, దాని ముందున్న మంచి మెసేజీ కూడా అంతే అవసరమని నాకు అప్పుడే తెలిసింది. ఆ లెక్కన 10.40 దాకా గడువు. స్కాను సౌకర్యమున్న చోటికే తీసుకుపొమ్మని 108 వాళ్లను అడిగాం. మదనపల్లి చేరి, స్కాను తీసి, ఇంజెక్షన్ పడేసరికి పది దాటింది.

మన చిత్తూరు వైపు పక్షవాతానికి ఆకుమందు ఇచ్చే చోట్లు పేరుపొందాయి. పావురం రక్తం పూసేవాళ్లూ ఉన్నారు. మాకూ ఆ సలహా వచ్చింది. నమ్మకాల మీద నాకు తగువు లేదు. కానీ తగువంతా ఆ నాలుగున్నర గంటల మీదే. అవి పోయాక తిరిగి రావు.

అందరికీ ఆ ఇంజెక్షన్ పనికిరాదు. రక్తం కారుతుంటే ఇవ్వరు. ఇచ్చినా పూర్తిగా నయమవుతుందని పూచీ లేదు. పెద్దనాళం పూడితే గడ్డను తీగతో బయటికి తీసే చికిత్స ఉంది, దానికి పెద్ద ఊరికి పోవాలి. ఇక, పావుగంటలో మాట దానంతట అదే సర్దుకుంటే ‘హమ్మయ్య’ అని పడుకోబెట్టడం అన్నిటికంటే పెద్ద మోసం. అది తాత్కాలికంగా నాళం పూడి తెరుచుకోవడం కావచ్చు. అసలుది ఆ రోజో, రేపో రావచ్చు. ఆ రోజే పోయి చూపించుకోవాలి.

పెద్దమ్మ చెయ్యి చాలావరకు స్వాధీనంలోకొచ్చింది. ముగ్గు వేస్తుంది. గరిటెను మాత్రం ఇప్పటికీ ఒక్కోసారి ‘బీగం చెయ్యి’ అంటుంది. అని, తనే ఆగి, ‘కాదులే’ అంటుంది.