ఢిల్లీలో నాలుగు నుంచి చీకటి పడేదాకా

బదిలీ మీద ఢిల్లీ వచ్చినవాళ్లకు క్వార్టర్స్ ఆఫీసు ఇస్తుంది. బదిలీ కాగితం చూపిస్తే బడిలో సీటు దొరుకుతుంది. ఆటస్థలం మాత్రం మనమే వెతుక్కోవాలి. అలా వెతికేటప్పుడు మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న "మంచి కోచింగ్ ఎక్కడ ఉంది?" అని. దానికంటే ముందు "ఎంత దూరం?" అని అడగాలని మా అభిప్రాయం.

ఎందుకంటే ఇక్కడ చలికాలంలో పొద్దు త్వరగా గుంకుతుంది. జూన్‌లో ఏడు దాటినా వెలుతురు ఉంటుంది కానీ, డిసెంబరు మొదట్లో ఐదున్నర కాకముందే సూర్యాస్తమయం. బడి నుంచి వచ్చి, అన్నం తిని, బట్టలు మార్చుకునేసరికి నాలుగవుతుంది. అంటే మిగిలేది గంటన్నర. నవంబరులో గాలి బాగా పాడైన రోజుల్లో బయటి ఆటలు ఆపేస్తారు కాబట్టి ఆ గంటన్నర కూడా ఉండదు.

మాలో ముగ్గురం ఒక బ్యాడ్మింటన్ కోచింగ్‌లో చేరాం. పేరున్న చోటే. బస్సులో వెళ్లడానికి యాభై నిమిషాలు, రావడానికి యాభై నిమిషాలు. అక్కడ రెండు కోర్టులు, ఒక్కో బ్యాచ్‌కి ఇరవై నాలుగు మంది. కోర్టుకి నలుగురు చొప్పున ఒకసారి ఎనిమిది మందే ఆడగలరు. కాబట్టి గంటలో ఒక్కొక్కరి వంతుకు వచ్చేది ఇరవై నిమిషాలు. వంద నిమిషాల ప్రయాణం, ఇరవై నిమిషాల ఆట! సిరి ఫోర్ట్, వసంత్ కుంజ్ లాంటి చోట్ల డీడీఏ క్రీడా సముదాయాలు ఉన్నాయి. అక్కడ చేరినా, మరెక్కడ చేరినా, డబ్బు కట్టకముందే కోర్టులెన్నో, బ్యాచ్‌లో ఎంతమందో అడగండి. ఫీజు నెల నెలా కట్టవచ్చా అన్నది కూడా అడగండి. మూడు నెలలకు ఒకేసారి కట్టాక బదిలీ ఉత్తర్వు వస్తే ఆ డబ్బు వెనక్కి రావడం కష్టం.

ఇక పార్కులు. ఆర్.కె. పురం లాంటి ప్రభుత్వ కాలనీల్లో క్వార్టర్ల మధ్యనే పార్కులున్నాయి, వాటితోపాటు 'బంతి ఆటలు నిషేధం' అనే బోర్డులూ ఉన్నాయి. కిటికీ అద్దాలు పగులుతాయని, నడకకు వచ్చే పెద్దవాళ్లకు తగులుతుందని వాళ్ల భయం. అది న్యాయమే. అయితే కబడ్డీకి బంతి అక్కర్లేదు. పెద్దవాళ్ల కోర్టే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, మనకు ఇంకా చిన్నది చాలు. సున్నంతో గీతలు గీసుకుంటే పార్కులో ఒక మూల సరిపోతుంది. కాలనీ సంఘం వాళ్ల దగ్గరకు వెళ్లి "అంకుల్‌జీ, ఆ మూల మాకు నాలుగు నుంచి ఐదున్నర దాకా ఇవ్వండి" అని అడిగితే ఒప్పుకున్నారు. "ఆడుకోనివ్వండి" అని ఊరికే అడిగినప్పుడు ఒప్పుకోలేదు. చోటు, వేళ రెండూ చెప్పి అడగడంలోనే ఉంది కిటుకు.

సంగీతం సంగతి వేరు. దానికి వెలుతురు అక్కర్లేదు, పొగమంచు అడ్డం రాదు. పైగా అది మనతో పాటు బదిలీ అవుతుంది. కర్ణాటక సంగీతంలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, ఆ తర్వాత వర్ణం అనే వరుస హైదరాబాదులోనూ, ఢిల్లీలోనూ దాదాపు ఒకటే. అందుకని పాత గురువుగారి దగ్గర సెలవు తీసుకునేటప్పుడు పుస్తకంలో రెండు మాటలు రాయించుకోండి. ఏ గీతం దాకా అయింది, మన శ్రుతి ఎంత అని. లేకపోతే కొత్త టీచర్ మళ్లీ మొదటి సరళీ వరుస నుంచే మొదలుపెడతారు. ఆర్.కె. పురంలో మలై మందిర్ చుట్టుపక్కల దక్షిణాదివాళ్లు ఎక్కువ, కర్ణాటక సంగీతం నేర్పేవాళ్ల గురించి ముందు అక్కడే విచారించాలి. దొరక్కపోతే హిందుస్తానీలో చేరవచ్చు. మనం మాయామాళవగౌళలో మొదలుపెడతాం కదా, వాళ్లు సాధారణంగా బిలావల్‌తో, అంటే మన శంకరాభరణం స్వరాలతో మొదలుపెడతారు. మొదటి నెల గ, మ పట్టుబడినా రి, ద మాత్రం తికమక పెడతాయి, ఎందుకంటే మనం నేర్చినవి శుద్ధ స్వరాలు, అక్కడివి చతుశ్శ్రుతి స్వరాలు.

ఇంత వెతుకులాటలో మాకు అర్థం కానిది ఒకటే. కాలనీ పక్కనే మన బడి మైదానం ఉంది. బడి వదిలాక గేటుకి తాళం. చౌకీదారు మాత్రం రాత్రంతా ఉంటాడు. వారానికి ఐదు రోజులు నాలుగు నుంచి ఆరు దాకా ఆ గేటు తెరిస్తే చాలు. గేటు దగ్గర ఒక పుస్తకంలో పేరు, తరగతి రాసి లోపలికి వెళ్తాం. పర్యవేక్షణకు తల్లిదండ్రుల్లో ఒకరు వంతులవారీగా వస్తారు, మాలో తొమ్మిది మంది ఇళ్లలో ఇప్పటికే ఒప్పుకున్నారు. అర్జీ రాసి ప్రిన్సిపాల్ గారికి ఇవ్వబోతున్నాం. సంతకం చేయదలచినవాళ్లు సోమవారం ప్రార్థన అయ్యాక లైబ్రరీ వరండాలోకి రండి.