వానపూట బజ్జీలు - పచ్చడి దగ్గర జాగ్రత్త

నాలుగు చినుకులు పడగానే ఇంటిల్లిపాదికీ వేడివేడి బజ్జీల మీదికి మనసు పోతుంది. తినవద్దని నేననను. అయితే ఆ మర్నాడు విరేచనాలతో ఆసుపత్రికి వచ్చేవారు "నూనె పడలేదు డాక్టరుగారూ" అంటూ ఉంటారు. చాలాసార్లు తప్పు నూనెది కాదు, పచ్చడిది.

ఒక ఇంట్లో అయిదుగురు బజ్జీలు తిన్నారు. పెద్దవాళ్లు ముగ్గురికీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లలిద్దరికీ ఏమీ కాలేదు. కారమని వాళ్లు పచ్చడి ముట్టలేదు! పొద్దున ఇడ్లీల్లోకి రుబ్బిన పచ్చడిలోనే కుళాయి నీళ్లు కలిపి సాయంత్రం మళ్లీ వడ్డించారట. మరిగే నూనెలో క్రిములు చస్తాయి. పచ్చడి పొయ్యి ఎక్కదు. పైగా వానాకాలంలో మురుగు మంచినీటి గొట్టాల్లోకి చేరే ప్రమాదం ఎక్కువ.

కనుక నలుగురికి ఫలహారం చేయదలిస్తే ముందుగా పచ్చడి నీళ్లు మరిగించి చల్లార్చుకోండి. మిరపకాయ బజ్జీలకు పల్లీ పచ్చడి బాగుంటుంది. బూజు వాసన వచ్చినవి, రంగు మారినవి, ముడుచుకుపోయినవి అయిన పల్లీలు పారేయండి. వేయించినా వాటిలోని విషం పూర్తిగా పోదు. పల్లీలు, పచ్చిమిర్చి వేయించి, చింతపండుతో రుబ్బి, రెండు గంటల్లోగా తినేయండి. పిల్లలకు అరటికాయ బజ్జీలు చేసి, చింతపండు, బెల్లం వేసి ఉడికించిన అల్లం పచ్చడి పెట్టండి.

కప్పు శనగపిండికి రెండు చెంచాల బియ్యప్పిండి, కాస్త వాము, ఉప్పు కలిపితే బజ్జీలు కరకరలాడతాయి. సోడా ఎక్కువైతే నూనె పీలుస్తాయి. నూనెలో పిండిచుక్క వేసి చూడండి. అడుగునే ఉండిపోతే నూనె ఇంకా కాగలేదు. వెంటనే బుడగలతో పైకి తేలితే సరిగ్గా ఉన్నట్లు. పొగ వస్తుంటే మంట తగ్గించండి. మూకుడు నిండా ఒకేసారి వేస్తే నూనె చల్లబడి బజ్జీలు మెత్తబడతాయి. వార్తాపత్రిక మీద మాత్రం ఆరబెట్టకండి, అచ్చుసిరా అంటుతుంది. మా ఈ పత్రికకూ మినహాయింపు లేదు!

మనిషికి రెండు బజ్జీలు చాలు. మిగతా ఆకలికి ఉడికించిన మొక్కజొన్న పొత్తులు పెట్టండి. పెద్దలకు అల్లం టీ, పిల్లలకు మిరియాల పాలు వేడిగా ఇవ్వండి. మధుమేహం ఉన్నవారి టీలో పంచదార వద్దు. రక్తపోటు ఉన్నవారు పచ్చడి నంజుకోవాలి గాని కలుపుకు తినరాదు. కడుపులో పుండు ఉన్నవారికి మిరపకాయ బదులు అరటికాయ బజ్జీయే మేలు.

ఇంత చేసినా విరేచనాలు పట్టుకుంటే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మలంలో రక్తం కనిపించినా, మూత్రం తగ్గినా, పిల్లలు మగతగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.